ఏడాది చివర డాలర్ అప్పు రీవాల్యుయేషన్: లెక్క, ఎంట్రీ, సరిచూసుకోవడం

విదేశీ బ్యాంకు నుంచి డాలర్లలో టర్మ్ లోన్ తీసుకున్న భారతీయ కంపెనీ మార్చి 31న ఆ అప్పును ఎలా తిరగ లెక్కించాలో ఇక్కడ వరుసగా చూద్దాం. అప్పు ఇంకా తీరలేదు, డబ్బు చేతులు మారలేదు. అయినా రేటు మారడం వల్ల పుట్టిన తేడాను పుస్తకాల్లోకి తేవాలి. దీన్నే అన్‌రియలైజ్డ్ ఎక్స్ఛేంజ్ డిఫరెన్స్ అంటాం.

ఉదాహరణ మొత్తం ఒకే అప్పు మీద నడుస్తుంది. అందులోని రేట్లు లెక్క తేలిగ్గా అర్థం కావడానికి తీసుకున్నవి, మార్కెట్ రేట్లు కావు.

## 1. ముందు తేల్చుకోవాల్సినవి

మీ కంపెనీ ఏ ప్రమాణాల కింద ఉంది? పాత అకౌంటింగ్ స్టాండర్డ్స్ పాటిస్తుంటే ఏఎస్ 11, ఇండ్ ఏఎస్ పరిధిలోకి వచ్చి ఉంటే ఇండ్ ఏఎస్ 21. అప్పు మానిటరీ ఐటమ్, అంటే నిర్ణీత డబ్బుగా తీర్చాల్సినది కాబట్టి ముగింపు రేటుకు తేవాలన్న మాటలో రెండింటికీ తేడా లేదు. తేడా వచ్చేది ఆ నష్టాన్ని ఎక్కడ చూపాలన్న దగ్గర. దాని గురించి 8వ అంచెలో.

ఆ డబ్బుతో యంత్రం కొన్నా యంత్రం నాన్-మానిటరీ ఐటమ్. దాని ధరను మార్చి 31 రేటుతో తిరగ లెక్కించకూడదు. సప్లయర్‌కు సరుకు కోసం ఇచ్చిన అడ్వాన్సుకూ ఇదే సూత్రం. రీవాల్యుయేషన్ అప్పుకు, దానిపై పేరుకున్న వడ్డీకి మాత్రమే.

చేతిలో ఉండాల్సిన కాగితాలు:

- లోన్ అగ్రిమెంట్, వాయిదాల పట్టిక
- ప్రతి డ్రాడౌన్‌కు బ్యాంకు ఇచ్చిన క్రెడిట్ అడ్వైస్
- ప్రతి చెల్లింపుకు డెబిట్ అడ్వైస్ (రేటు, బ్యాంకు చార్జీలు విడివిడిగా కనిపించేది)
- అప్పు ఇచ్చిన బ్యాంకు నుంచి మార్చి 31 నాటి బ్యాలెన్స్ కన్ఫర్మేషన్, డాలర్లలో
- గత ఏడాది ఆడిటర్ ఒప్పుకున్న రీవాల్యుయేషన్ షీట్

చివరిది చాలామంది తీసి చూడరు. రెండో ఏడాది నుంచి వచ్చే తప్పుల్లో ఎక్కువ భాగం అది తెరవకపోవడం వల్లే వస్తాయి.

## 2. డాలర్ లెడ్జర్ సరిచేయండి

రూపాయల జోలికి పోకముందే డాలర్ల లెక్క తేలాలి. ఒక షీట్‌లో తేదీ, వివరం, డాలర్లు, రేటు, రూపాయలు అని ఐదు కాలమ్‌లు గీసి ప్రతి కదలికనూ రాయండి.

మన ఉదాహరణలో:

| తేదీ | వివరం | డాలర్లు | రేటు | రూపాయలు |
|---|---|---|---|---|
| జూన్ 12 | మొదటి డ్రాడౌన్ | 6,00,000 | 83.40 | 5,00,40,000 |
| సెప్టెంబరు 5 | రెండో డ్రాడౌన్ | 4,00,000 | 83.90 | 3,35,60,000 |
| | మొత్తం | 10,00,000 | 83.60 (సగటు) | 8,36,00,000 |
| ఫిబ్రవరి 20 | అసలు చెల్లింపు | (1,00,000) | 86.50 | (86,50,000) |

మార్చి 31కి మిగిలింది 9,00,000 డాలర్లు. బ్యాంకు కన్ఫర్మేషన్‌లోనూ సరిగ్గా ఇదే అంకె ఉండాలి. ఒక్క డాలర్ తేడా ఉన్నా అక్కడే ఆగండి. మామూలుగా కారణం రెండింటిలో ఒకటి అయ్యుంటుంది. అప్‌ఫ్రంట్ ఫీజు పట్టుకొని మిగతాది బ్యాంకు జమ చేస్తే, అకౌంటెంట్ చేతికొచ్చిన మొత్తాన్నే అప్పుగా రాసి ఉంటారు. లేదా మార్చి చివర పంపిన వాయిదా అక్కడ ఏప్రిల్లో జమ అయి ఉంటుంది.

మొదటి కారణమైతే అప్పు పూర్తి మొత్తంతో ఉండాలి, ఫీజును విడిగా చూపాలి. ఇండ్ ఏఎస్ కంపెనీలు ఫీజును అప్పులోంచి తీసేసి అమోర్టైజ్డ్ కాస్ట్‌లో చూపుతాయి కదా, అప్పుడు ఆ నికర డాలర్ మొత్తాన్నే ముగింపు రేటుకు తేవాలి. బ్యాంకు చెప్పిన అంకెకు, దీనికి మధ్య ఉండే తేడాను షీట్‌లో వివరించి పెట్టండి.

## 3. ముగింపు రేటు ఎక్కడ దొరుకుతుంది

డాలర్, యూరో, పౌండ్, యెన్‌లకు రిఫరెన్స్ రేటును 2018 జులై నుంచి ఫైనాన్షియల్ బెంచ్‌మార్క్స్ ఇండియా అనే సంస్థ, అంటే ఎఫ్‌బీఐఎల్ ప్రకటిస్తోంది. అంతకుముందు ఆ పని రిజర్వు బ్యాంకు చేసేది. ఎక్కువ కంపెనీలు ఈ రేటే తీసుకుంటాయి. కొన్ని తమ బ్యాంకు టీటీ సెల్లింగ్ రేటు తీసుకుంటాయి. ఏది ఎంచుకున్నా ఏటా అదే వాడాలి. ఈ ఏడాది నష్టం తక్కువగా కనిపిస్తోందని మూలం మార్చేస్తే ఆడిటర్ మొదట పట్టుకునేది దాన్నే.

ఇక్కడ రెండు పొరపాట్లు మళ్లీ మళ్లీ కనిపిస్తాయి.

సెలవు రోజు. 2024లో మార్చి 31 ఆదివారం, 29 గుడ్ ఫ్రైడే. అలాంటప్పుడు మార్చి 28న వచ్చిన చివరి రేటు తీసుకోవాలి. ఏప్రిల్ మొదటి వారంలో కూర్చుని లెక్క వేస్తున్నారని ఏప్రిల్ రేటు పెట్టేయకండి. రేటు ఏ తేదీదో షీట్‌లో రాసి, స్క్రీన్ ప్రింట్ జతచేయండి.

యెన్. రిఫరెన్స్ రేటు యెన్‌కు మాత్రం 100 యెన్‌ల లెక్కన వస్తుంది. జపాన్ బ్యాంకు నుంచి 5 కోట్ల యెన్‌లు తెచ్చారనుకోండి, పట్టికలో రేటు 57 అని ఉంది. అప్పు విలువ 2.85 కోట్ల రూపాయలు. 57ను నేరుగా గుణిస్తే 285 కోట్లు వస్తుంది. ఇంత పెద్ద తప్పు ఎవరికైనా కనిపిస్తుంది అనుకుంటాం గానీ, పది కరెన్సీల షీట్‌లో ఫార్ములా కిందికి లాగినప్పుడు కళ్లు తప్పించుకుంటుంది.

ఫార్వర్డ్ కాంట్రాక్టు ఉన్నా అప్పును ఫార్వర్డ్ రేటుతో లెక్కించకండి. అప్పు ముగింపు రేటుకే వస్తుంది, కాంట్రాక్టు లెక్క వేరు.

మన ఉదాహరణలో ముగింపు రేటు 85.60.

## 4. తీరిన భాగం తేడాను ముందు విడదీయండి

ఫిబ్రవరి 20న లక్ష డాలర్లు కట్టారు. ఆ భాగం మీద వచ్చిన తేడా రియలైజ్డ్. దీన్ని ముందుగా తీసేయకపోతే అన్‌రియలైజ్డ్ లెక్కలో కలిసిపోతుంది.

సగటు పుస్తక రేటు 83.60, కాబట్టి లక్ష డాలర్ల పుస్తక విలువ 83,60,000. కట్టింది 86,50,000. రియలైజ్డ్ నష్టం 2,90,000.

- అప్పు ఖాతా — డెబిట్ 83,60,000
- విదేశీ మారక నష్టం (రియలైజ్డ్) — డెబిట్ 2,90,000
- బ్యాంకు — క్రెడిట్ 86,50,000

ఆ రోజు బ్యాంకు పట్టుకున్న కమీషన్, దాని మీద జీఎస్టీ ఇందులో కలపకూడదు. అవి బ్యాంకు చార్జీలు.

సగటు బదులు ముందు తెచ్చింది ముందు తీరింది అనే పద్ధతి తీసుకుంటే రియలైజ్డ్ 3,10,000, అన్‌రియలైజ్డ్ 17,80,000 అవుతాయి. మొత్తం మారదు, విభజన మాత్రమే మారుతుంది. అయితే పన్ను లెక్కలో ఆ విభజనకు విలువ ఉంది గనుక ఒక పద్ధతికి కట్టుబడండి.

## 5. వడ్డీ బాకీని విడిగా చూడండి

చివరి వడ్డీ ఫిబ్రవరి 19 వరకు కట్టారు. ఫిబ్రవరి 20 నుంచి మార్చి 31 వరకు, రెండు తేదీలూ కలిపి 40 రోజులు. వడ్డీ 7.2 శాతం, డాలర్ అప్పులకు సాధారణంగా ఏడాదికి 360 రోజుల లెక్క:

```
9,00,000 × 7.2% × 40 ÷ 360 = 7,200
```

వడ్డీ ఖర్చును ఆ కాలపు సగటు రేటుతో రాయాలి. సగటు 86.10 అనుకుంటే 6,19,920 రూపాయలు. మార్చి 31న చెల్లించాల్సిన వడ్డీ మాత్రం ముగింపు రేటు 85.60తో 6,16,320. తేడా 3,600 లాభం.

- చెల్లించాల్సిన వడ్డీ — డెబిట్ 3,600
- విదేశీ మారక తేడా (అన్‌రియలైజ్డ్) — క్రెడిట్ 3,600

అసలు మీద నష్టం వస్తే వడ్డీ మీదా నష్టమే రావాలని లేదు. రెండూ పుస్తకాల్లోకి వచ్చిన రేట్లు వేరు. అందుకే రెండింటినీ కలిపి ఒకే సగటుతో లెక్కించకూడదు.

## 6. అన్‌రియలైజ్డ్ తేడా, ఎంట్రీ

ఇప్పుడు అసలు పని చాలా చిన్నది.

```
పుస్తక విలువ   = 8,36,00,000 − 83,60,000    = 7,52,40,000
ముగింపు విలువ = 9,00,000 × 85.60           = 7,70,40,000
నష్టం         = 7,70,40,000 − 7,52,40,000 = 18,00,000
```

మార్చి 31 తేదీతో జర్నల్:

- విదేశీ మారక నష్టం (అన్‌రియలైజ్డ్) — డెబిట్ 18,00,000
- డాలర్ టర్మ్ లోన్ — క్రెడిట్ 18,00,000

నేరేషన్‌లో డాలర్ మొత్తం, పాత రేటు, కొత్త రేటు, రేటు తేదీ, రేటు మూలం ఈ ఐదూ రాయండి. "మార్చి రీవాల్యుయేషన్" అని ఒక్క ముక్క రాసి వదిలేస్తే మరుసటి ఏడాది మీరే వెతుక్కోవాలి.

ఈ ఎంట్రీలో డాలర్లు సున్నా, రూపాయలు మాత్రమే కదులుతాయి. ఎంట్రీ తర్వాత లెడ్జర్ తెరిచి చూస్తే డాలర్ నిల్వ 9,00,000గానే ఉండాలి. మారిందంటే ఎంట్రీని డాలర్లతో పాస్ చేశారన్నమాట.

ట్యాలీలో. లోన్ లెడ్జర్ డాలర్ కరెన్సీతో తెరిచి ఉంటే, బ్యాలెన్స్ షీట్‌లో `Unadjusted Forex Gain/Loss` అనే వరుస కనిపిస్తుంది. దాన్ని తీర్చడానికి జర్నల్ వోచర్ టైప్‌ను ఆల్టర్ చేసి, ఒక క్లాస్ సృష్టించి, అందులో `Use Class for Forex Gain/Loss Adjustments` అన్నదానికి `Yes` పెట్టాలి. ఆ క్లాస్‌తో మార్చి 31 జర్నల్ వేయండి. అంతకంటే ముందు కరెన్సీ రేట్ల స్క్రీన్‌లో మార్చి 31 తేదీకి 85.60 నమోదు చేయాలి. లేకపోతే పాత రేటుతోనే లెక్క వస్తుంది, అంకె చూడటానికి నమ్మేలాగే ఉంటుంది. ట్యాలీ చూపించిన మొత్తాన్ని షీట్‌లోని 18,00,000తో పోల్చాకే సేవ్ చేయండి.

ఎస్‌ఏపీలో. రేటు `OB08`లో ఎక్కించి, వాల్యుయేషన్ `FAGL_FCV`తో ముందు టెస్ట్ రన్, తర్వాత పోస్టింగ్ చేయాలి. మరుసటి రోజు రివర్సల్ పెట్టారో లేదో అక్కడే గమనించండి. 10వ అంచెలో దాని అవసరం వస్తుంది.

## 7. ఒక్క వరుసలో రుజువు

ఆడిటర్ దగ్గరికి వెళ్లేముందు ఈ వరుస తప్పక వేయండి. ప్రారంభ నిల్వకు కొత్త డ్రాడౌన్లు కలిపి, నిజంగా కట్టిన రూపాయలు తీసేసి, ముగింపు విలువతో పోల్చాలి. మిగిలేదే ఏడాది మొత్తం తేడా.

```
0 + 8,36,00,000 − 86,50,000 = 7,49,50,000
7,70,40,000 − 7,49,50,000   = 20,90,000
```

రియలైజ్డ్ 2,90,000, అన్‌రియలైజ్డ్ 18,00,000 కలిపితే 20,90,000. సరిపోయింది. సగటు పద్ధతైనా మరో పద్ధతైనా ఈ అంకె మారదు, అందుకే ఇది గట్టి పరీక్ష. కుదరకపోతే వెతకాల్సిన క్రమం ఇది: బ్యాంకు చార్జీలు చెల్లింపులో కలిశాయా, ఏదైనా డ్రాడౌన్ బ్యాంకు రేటుతో కాకుండా ఊహించిన రేటుతో పడిందా, వడ్డీ చెల్లింపు అసలు ఖాతాలో పడిందా.

## 8. నష్టాన్ని ఎక్కడ చూపాలి

మామూలు నియమం ప్రకారం 18 లక్షలు లాభనష్టాల ఖాతాకే వెళ్తాయి. రెండు మలుపులు ఉన్నాయి.

ఏఎస్ 11లోని 46ఏ పేరా. దీర్ఘకాలిక డాలర్ అప్పుతో తరుగుదల వేసే ఆస్తి కొన్న కంపెనీ, తేడాను ఆ ఆస్తి ధరకు కలిపే ఐచ్ఛికం ఎంచుకోవచ్చు. ఒకసారి ఎంచుకుంటే వెనక్కి తీసుకోలేరు, ఆ కోవలోని అప్పులన్నింటికీ వర్తింపజేయాలి. అప్పుడు డెబిట్ నష్టం ఖాతాకు కాకుండా యంత్రం ఖాతాకు పడుతుంది, యంత్రం మిగిలిన ఆయుష్షు మీద తరుగుదల పెరుగుతుంది. మీరు కొత్తగా చేరారంటే, కంపెనీ గతంలో దీన్ని ఎంచుకుందో లేదో పాత వార్షిక నివేదికలోని అకౌంటింగ్ పాలసీల నోట్‌లో చూడండి. ఇండ్ ఏఎస్‌లో కొత్త అప్పులకు ఈ దారి లేదు. మారకముందు ఉన్న పాత అప్పులకు మాత్రం పాత పద్ధతి కొనసాగించుకోవచ్చు.

వడ్డీ ఖర్చుగా చూపే భాగం. 46ఏ వాడని కంపెనీలకు ఏఎస్ 16 ఇంకో మాట చెబుతుంది. రూపాయల్లో అప్పు చేసి ఉంటే పడే వడ్డీకీ డాలర్ వడ్డీకీ మధ్య ఉన్న తేడా మేరకు, మారక నష్టాన్ని రుణ వ్యయంగా చూడాలి. మన ఉదాహరణలో రూపాయి అప్పుకు 9.5 శాతం పడేదనుకుంటే ఏడాది వడ్డీ సుమారు 55.50 లక్షలు. డాలర్ వడ్డీ సుమారు 43.50 లక్షలు. తేడా 12 లక్షలు. కాబట్టి అసలు మీద వచ్చిన 20.90 లక్షల నష్టంలో సుమారు 12 లక్షలు ఫైనాన్స్ కాస్ట్ కిందికి, మిగతా 8.90 లక్షలు ఇతర ఖర్చుల కిందికి వస్తాయి. ఇండ్ ఏఎస్ 23లోనూ ఇలాంటి నిబంధనే ఉంది.

ప్రాజెక్టు ఇంకా కడుతూ ఉంటే ఈ 12 లక్షల భాగం ఆస్తి ధరకు చేరవచ్చు. నిర్మాణం నడుస్తున్న కంపెనీలు ఈ లెక్క వదిలేసి మొత్తం ఖర్చు రాసేయడం కనిపిస్తుంది. అది లాభాన్ని తప్పుగా తగ్గిస్తుంది.

బ్యాలెన్స్ షీట్‌లో వచ్చే 12 నెలల్లో కట్టాల్సిన వాయిదాలను కూడా 85.60తోనే లెక్కించి కరెంట్ వైపు మార్చండి. క్యాష్ ఫ్లో స్టేట్‌మెంట్‌లో అన్‌రియలైజ్డ్ నష్టం నగదు కానిది, లాభానికి తిరిగి కలపాలి.

## 9. పన్ను లెక్క వేరు

పుస్తకాల్లో నష్టం రాశాం కదా అని పన్నులోనూ తగ్గుతుందనుకోవద్దు. 2026 మార్చి 31తో ముగిసే ఏడాది వరకు వర్తించే 1961 ఆదాయపు పన్ను చట్టం సెక్షన్ 43ఏ ప్రకారం, విదేశం నుంచి తెచ్చుకున్న ఆస్తికి సంబంధించిన డాలర్ అప్పు మీద తేడా నిజంగా చెల్లించినప్పుడే, అదీ ఆస్తి ధరకు సర్దుబాటుగా వస్తుంది. ఆ లెక్కన మన ఉదాహరణలోని యంత్రం దిగుమతిదైతే 18 లక్షలు ఈ ఏడాది ఆదాయానికి తిరిగి కలపాలి. రియలైజ్డ్ 2.90 లక్షలు యంత్రం ధరకు చేరతాయి.

వర్కింగ్ క్యాపిటల్ కోసం తెచ్చిన అప్పు అయితే అదే చట్టంలోని సెక్షన్ 43ఏఏ, ఐసీడీఎస్ 6 వర్తిస్తాయి. అక్కడ అన్‌రియలైజ్డ్ నష్టం కూడా లెక్కలోకి వస్తుంది, లాభం వస్తే దాని మీద పన్నూ పడుతుంది. డాలర్ అప్పుతో దేశంలోనే కొన్న యంత్రం సంగతి తేలిక కాదు, దాన్ని ట్యాక్స్ ఆడిటర్‌తో రాతపూర్వకంగా తేల్చుకోండి.

## 10. మరుసటి ఏడాది మొదటి వాయిదా

రీవాల్యుయేషన్ తప్పులు బయటపడేది ఇక్కడే. ఆగస్టు 20న ఇంకో లక్ష డాలర్లు 86.20కి కట్టారు. నష్టం ఎంత?

మార్చి 31న అప్పు 85.60కి వచ్చేసింది. ఇకపై అదే దాని పుస్తక రేటు. నష్టం డాలర్‌కు 0.60 చొప్పున లక్ష డాలర్లకు 60,000. పాత 83.60తో లెక్కించి 2,60,000 రాస్తే, అందులో 2,00,000 గత ఏడాదే రాసిన నష్టం. రెండుసార్లు పడుతుంది.

కొన్ని కంపెనీలు ఏప్రిల్ 1న మార్చి ఎంట్రీని రివర్స్ చేస్తాయి. అది తప్పు కాదు, అయితే అప్పుడు పాత 83.60తోనే నడవాలి. రెండో ఏడాది ముగింపు రేటు 86.00 అయితే రెండు దారులూ ఇలా కలుస్తాయి:

| | రివర్స్ చేయకుండా | రివర్స్ చేసి |
|---|---|---|
| ఏప్రిల్ 1 | 0 | 18,00,000 లాభం |
| ఆగస్టు చెల్లింపు | 60,000 నష్టం | 2,60,000 నష్టం |
| మిగిలిన 8,00,000 డాలర్లు | 3,20,000 నష్టం | 19,20,000 నష్టం |
| ఏడాది నికరం | 3,80,000 నష్టం | 3,80,000 నష్టం |

ప్రమాదమంతా రెంటినీ కలపడంలోనే ఉంది. సాఫ్ట్‌వేర్ ఏప్రిల్ 1న తనంతట తానే రివర్స్ చేసింది, అది తెలియక అకౌంటెంట్ 85.60తో చెల్లింపు రాశారనుకోండి. లక్ష డాలర్లకు 83,60,000 తీయాల్సిన చోట 85,60,000 తీస్తారు. లెడ్జర్‌లో 8,00,000 డాలర్ల పక్కన రూపాయలు 6,68,80,000 బదులు 6,66,80,000 ఉంటాయి. రూపాయల నిల్వను డాలర్ల నిల్వతో భాగించి చూడండి, 83.60 బదులు 83.35 వస్తుంది. ఏ తేదీ రేటుకూ సరిపోని అంకె వచ్చిందంటే పద్ధతులు కలిసిపోయాయి.

ప్రతి చెల్లింపు తర్వాత చేయాల్సిన తనిఖీ:

- రూపాయల నిల్వ ÷ డాలర్ల నిల్వ = ప్రస్తుత పుస్తక రేటేనా?
- రివర్సల్ లేని పద్ధతిలో, కొత్త డ్రాడౌన్ లేకుంటే, అది గత మార్చి ముగింపు రేటుతో సమానమా?
- రివర్సల్ ఉన్న పద్ధతిలో అది అసలు సగటు రేటుతో సమానమా?
- అప్పు పూర్తిగా తీరాక డాలర్లు సున్నా అయినప్పుడు రూపాయలూ సున్నా అయ్యాయా?

డాలర్లు సున్నా అయి రూపాయల్లో ఏదో మిగిలితే, దాన్ని రౌండింగ్ తేడా అని కొట్టేయకండి. వెనక్కి వెళ్లి ప్రతి మార్చి 31 దగ్గరా 7వ అంచెలోని రుజువు వేయండి. ఏ ఏడాది కుదరలేదో ఆ ఏడాదిలోనే తప్పు ఉంటుంది.